నాన్న మాత్ర మానేశారు, కొడుకు మాత్ర మొదలుపెట్టాడు

పోయిన జూన్‌లో ఒక ఆదివారం మా చిన్నాయన ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు కొలెస్ట్రాల్ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు బెంగళూరులో, మున్నేకొళాల్ దగ్గర. చిన్నాయన కొడుకు, అంటే మా తమ్ముడి అపార్ట్‌మెంట్. ఒక రిపోర్టు తమ్ముడిది. వాడికి 33 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కంపెనీవాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో వచ్చిన రిపోర్టు అది. రెండోది చిన్నాయనది. ఆయనకు 61. రెండేళ్ల కిందట మదనపల్లెలో ఉండగా గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నారు.

తమ్ముడి రిపోర్టులో టోటల్ కొలెస్ట్రాల్ 226 అని బోల్డులో ఉంది, పక్కన పైకి చూసే బాణం గుర్తు. అది చూసి టెన్షన్ పడి దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళితే రెండు నిమిషాల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, అటోర్వాస్టాటిన్ 10 రాసి పంపారు. చిన్నాయన రిపోర్టులో టోటల్ 122. బోల్డు లేదు, బాణం లేదు. అది చూసుకుని "నాకు కొలెస్ట్రాల్ పోయింది" అని ఆయన తన స్టాటిన్ మాత్ర రోసువాస్టాటిన్ మానేశారు. మానేసి అప్పటికి నెల దాటింది. కాళ్ల నొప్పులు కూడా దానివల్లే అని ఎవరో చెప్పారట.

నేను మారతహళ్లి దగ్గర చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఇలాంటి జంటలు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. అవసరం ఉన్నవాళ్లు మానేస్తారు, అవసరం లేనివాళ్లు మొదలుపెడతారు. రెండింటికీ కారణం ఒక్కటే: ఆ బోల్డు అంకె. ఆ అంకెను చూసి స్టాటిన్ మొదలుపెట్టడం ఎంత తప్పో, ఆ అంకె మామూలుగా ఉందని మానేయడం అంతకంటే పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో మా ఇంటి లెక్కలతోనే చెబుతాను.

చిన్నాయన ఫైల్లో అడుగున ఇంకో పాత రిపోర్టు దొరికింది. గుండెపోటుకు మూడు నెలల ముందు చేయించినది. టోటల్ 198. అందులోనూ బోల్డు లేదు, ఎందుకంటే ల్యాబువాళ్లు గీసుకున్న గీత 200. మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ 34, రక్తంలో తిరిగే ఇంకో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 210. అప్పటికే పదేళ్లుగా షుగరు, బీపీ, రోజూ బీడీలు. "అంతా నార్మలే" అనుకుని ఫైల్లో పెట్టేశారు.

ఇక్కడ ఒక విషయం తెలియాలి. చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, మిగతా మూడింటి నుంచి లెక్కగడతారు. ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయన పేరు మీద 1972 నుంచి వాడుతున్న సూత్రం ఇది:

```
LDL = TC - HDL - TG/5
```

టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేయాలి. చిన్నాయనకు 198 లోంచి 34, తర్వాత 42 తీస్తే 122. తమ్ముడికి టోటల్ 226, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 180. అంటే 226 లోంచి 42, 36 తీస్తే 148. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు, అప్పుడు నేరుగా కొలిచే పరీక్ష చేయించాలి.

కాగితం మీద చూస్తే తండ్రి ఎల్‌డీఎల్ కొడుకుదాని కంటే తక్కువే. గుండెపోటు మాత్రం తండ్రికి వచ్చింది. షుగరు, బీపీ, పొగ, వయసు కలిసి పనిచేశాయన్నది నిజం. దానితో పాటు ఆ 122 అనే అంకె కూడా ఆయన విషయంలో సగమే చెప్పింది.

మదనపల్లె టమాటా మార్కెట్ చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు కాబట్టి రక్తంలో ఒంటరిగా తిరగలేదు. బండ్లలో ఎక్కాలి. ఎల్‌డీఎల్ అంటే అలాంటి ఒక రకం బండి, హెచ్‌డీఎల్ ఇంకో రకం. రిపోర్టులో వచ్చే ఎల్‌డీఎల్ అంకె బండ్లలో ఉన్న మొత్తం సరుకు ఎంతో చెబుతుంది, బండ్లు ఎన్నో చెప్పదు. రక్తనాళం గోడలోకి దూరి ఇరుక్కుపోయేది బండి. ఎన్ని బండ్లు తిరిగితే అన్ని ఇరుక్కునే అవకాశాలు. షుగరు ఉండి, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్లలో ఎల్‌డీఎల్ బండ్లు చిన్నవిగా, ఒక్కోదానిలో తక్కువ సరుకుతో ఉంటాయి. అదే 122 సరుకు మోయడానికి ఎక్కువ బండ్లు కావాలి. మన వాళ్లలో ఈ రకం రిపోర్టు చాలా మామూలు. టోటల్ 200 లోపు, హెచ్‌డీఎల్ 30ల్లో, ట్రైగ్లిజరైడ్లు 200 చుట్టూ. చూడ్డానికి నెమ్మదిగా కనిపిస్తుంది, లోపల బండ్ల రద్దీ మాత్రం తగ్గదు.

బండ్లను లెక్కపెట్టే పరీక్ష ఉంది, పేరు ఏపో-బీ. ఒక్కో బండికీ సరిగ్గా ఒకే ఏపో-బీ ప్రొటీన్ ఉంటుంది, అందుకే అది లెక్కకు దొరుకుతుంది. అది చేయించకపోయినా ఇంకో దారి ఉంది: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటి తీసేస్తే మిగిలేది నాన్-హెచ్‌డీఎల్. గోడలోకి దూరగల బండ్లన్నిటి సరుకూ అందులోకి వస్తుంది. చిన్నాయనకు అది 164. ఆయనకున్న షుగరు, బీపీ, బీడీలతో కలిపి చూస్తే ఆ రోజే మాత్ర మొదలుపెట్టాల్సిన మనిషి. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మూడు నెలల ముందు ఎవరైనా ఆ కాగితాన్ని సరిగ్గా చదివి ఉంటే బాగుండేది, అందులో నేనూ ఉన్నాను.

ఇక మాత్ర సంగతి. మన రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చింది కాదు, శరీరం తయారుచేసుకున్నదే. అందులో లివర్ వాటా పెద్దది. ఆ తయారీలో ఒక ఎంజైమ్ దగ్గర పని వేగం తేలుతుంది. దాన్ని అడ్డుకునే పదార్థం కోసం 1970ల మొదట్లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల బూజులను పరీక్షించి, ఒక పెన్సిలియం బూజులో దాన్ని పట్టుకున్నారు. స్టాటిన్లన్నీ ఆ దారిలో వచ్చినవే. మొదటి స్టాటిన్ 1987లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది.

ఎంజైమ్‌ను అడ్డుకుంటే లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీ తగ్గుతుంది. లివర్‌కు మాత్రం కొలెస్ట్రాల్ కావాలి. అందుకని అది తన ఒంటి మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే కొక్కేలను పెంచుకుంటుంది. రక్తంలో తిరిగే బండ్లను ఆ కొక్కేలతో లోపలికి లాక్కుంటుంది. అసలు మేలు ఇక్కడ జరుగుతుంది: రక్తంలో బండ్లు తగ్గడానికి ముఖ్య కారణం లివర్ వాటిని లాగేసుకోవడం. ఈ కొక్కేలను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

ఇది అర్థమైతే చిన్నాయన చేసిన తప్పు దానంతటదే కనిపిస్తుంది. మాత్ర ఆపితే ఎంజైమ్ మళ్లీ మామూలుగా పనిచేస్తుంది, కొక్కేలు తగ్గిపోతాయి, కొద్ది వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత చోటికి వచ్చేస్తుంది. ఆయన చేతిలోని 122 టోటల్, అందులోని 56 ఎల్‌డీఎల్, రోసువాస్టాటిన్ 20 రోజూ వేసుకుంటుంటే వచ్చిన అంకెలు. రోగం పోయిందనడానికి అవి రుజువు కావు, మాత్ర పనిచేస్తోందనడానికి రుజువు. ఆ మధ్యాహ్నమే రక్తం తీసి పంపాను. మర్నాడు వచ్చిన ఎల్‌డీఎల్ 119.

ఆయన మాత్రం అంకెల కంటే కాళ్ల గురించే ఎక్కువ చెప్పారు.

"నడస్తా ఉంటే కుడికాలు పిక్క పట్టేస్తాది పాపా. ఆ మాత్రతోనే అన్నారు. మానేసినాక కొంచెం నయమే."

"ఎంత దూరం నడిస్తే పడుతుంది చిన్నాయనా?"

"ఇక్కడి నుంచి ఆ పాల బూత్ దాకా పోతే చాలు. నిలబడుకుంటే తగ్గిపోతాది. మళ్లీ నడస్తే మళ్లీ పడతాది."

ఆ మాటతోనే నాకు అనుమానం వచ్చింది. స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పి సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. తొడలు, తుంటి, భుజాలు లాంటి పెద్ద కండరాల్లో వస్తుంది. మాత్ర మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొద్ది వారాల్లో, నెలల్లో వస్తుంది. కూర్చున్నా, పడుకున్నా ఉంటుంది. మానేస్తే కొద్ది వారాల్లో తగ్గుతుంది, మళ్లీ వేసుకుంటే తిరిగొస్తుంది. చిన్నాయనకు ఏడాదిన్నర పాటు ఏ నొప్పీ లేదు. వచ్చింది ఒక్క కాలికి, పిక్కకు, అదీ సరిగ్గా ఒక దూరం నడిచాక. నిలబడితే రెండు నిమిషాల్లో పోతుంది.

చెప్పులు విప్పించి పాదం పై భాగాన వేళ్లు పెట్టి చూశాను. ఎడమ పాదంలో నాడి తగులుతోంది. కుడి పాదంలో ఎంత వెతికినా సరిగ్గా దొరకలేదు. ఆ పాదం కాస్త చల్లగా కూడా ఉంది. తర్వాత చీలమండ దగ్గర బీపీ, చేతి బీపీ కొలిపించి చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే కుడికాలికి 0.72 వచ్చింది. 0.9 కానీ అంతకంటే తక్కువ కానీ వస్తే కాలికి వెళ్లే రక్తనాళం సన్నబడిందని అర్థం. గుండెలో జరిగినదే కాలిలోనూ జరుగుతోంది. అంటే స్టాటిన్ వల్ల వచ్చిందని ఆయన నమ్మిన నొప్పి, స్టాటిన్ ఇంకా గట్టిగా వాడమని చెప్పే నొప్పి. మానేశాక నయమనిపించడానికి కారణం కూడా దొరికింది: ఆ నెలంతా ఆయన బయట నడవడమే మానేశారు.

అలా అని స్టాటిన్‌తో ఒళ్లు నొప్పులు రావని నేను అనను. వస్తాయి. మాత్ర వల్ల వచ్చేవి జనం అనుకునే దానికంటే చాలా తక్కువ, అంతే. 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. దాని పేరు సామ్సన్. నొప్పులు, ఇతర బాధల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ పన్నెండు సీసాలు, నెలకొకటి. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో చూడ్డానికి అలాగే ఉండే మందు లేని మాత్ర, నాలుగు ఖాళీ సీసాలు. రోజూ బాధ ఎంత ఉందో ఫోన్‌లో నమోదు చేయాలి. ఖాళీ సీసా నెలల్లో బాధ తక్కువ. స్టాటిన్ నెలల్లో ఎక్కువ. మందు లేని మాత్ర నెలల్లోనూ దాదాపు అంతే ఎక్కువ. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. బాధ అబద్ధం కాదు, మనిషి నిజంగానే అనుభవించాడు. మాత్ర వేసుకుంటున్నామన్న భయం నొప్పిని తెస్తుందని ఆ పన్నెండు సీసాలు చూపించాయి. తమ ఫలితాలు తాము చూసుకున్నాక వాళ్లలో సగం మంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు.

మిగిలిన ఆ కొద్దిమందికి నొప్పి మందువల్లే. వాళ్లకు మోతాదు తగ్గించవచ్చు, వేరే స్టాటిన్‌కు మార్చవచ్చు, రోజు విడిచి రోజు ఇవ్వవచ్చు. మాత్రను వదిలేయడం చివరి మాట. ఇక నిజంగా భయపడాల్సినది కండరాలు చితికిపోయే స్థితి. అది లక్షలో కొద్దిమందికి వస్తుంది. తట్టుకోలేని నొప్పి, లేవలేనంత నీరసం, కోలా రంగులో మూత్రం దాని గుర్తులు. అప్పుడు మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌ను అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్‌లతో కలిపి వేసుకుంటే ఈ ప్రమాదం పెరుగుతుంది. మెడికల్ షాపులో దగ్గుకో గొంతు నొప్పికో మందు అడిగేటప్పుడు స్టాటిన్ వాడుతున్నామని చెప్పడం అందుకే అవసరం. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా వాడకూడదు.

స్టాటిన్ వల్ల షుగరు వస్తుందన్న మాటలోనూ కొంత నిజం ఉంది. 2010లో పదమూడు అధ్యయనాలను కలిపి చూస్తే, 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వాడితే అదనంగా ఒకరికి షుగరు వచ్చినట్టు తేలింది. అదీ ఎక్కువగా అప్పటికే అంచున ఉన్నవాళ్లకు. గుండెపోటు వచ్చిన మనిషికి ఈ లెక్క మాత్ర వైపే మొగ్గుతుంది. తమ్ముడిలాంటివాడికి ఎటు మొగ్గుతుందో చూడాలి.

ఆ తూకం ఇలా వేస్తాను. ఎల్‌డీఎల్ దాదాపు 39 తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి అయిదింట ఒక వంతు తగ్గుతాయని పెద్ద పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. ఈ వంతు తండ్రికీ కొడుక్కీ ఒకటే. దేంట్లోంచి అయిదో వంతు అన్నదే తేడా. చిన్నాయనలాంటివాళ్లు 1000 మంది ఉన్నారనుకుందాం. వచ్చే పదేళ్లలో వాళ్లలో 300 మందికి ఇంకో గుండెపోటో పక్షవాతమో వస్తుందని లెక్క కోసం తీసుకుందాం. ఎల్‌డీఎల్ 60 పైన తగ్గిస్తే 300 కాస్తా 200 అవుతుంది. వంద మంది బయటపడ్డారు. తమ్ముడిలాంటివాళ్లు 1000 మందిలో పదేళ్లలో 20 మందికి వస్తుందనుకుందాం. అటోర్వాస్టాటిన్ 10తో 148 నుంచి 93కి దింపితే 20 కాస్తా 14 అవుతుంది. ఆరుగురు బయటపడ్డారు, మిగతా 994 మంది పదేళ్లు మాత్ర వేసుకున్నా వాళ్లకు తేడా రాలేదు. అదే రకం మాత్ర, అదే అయిదో వంతు, ఒకచోట వంద మంది, ఇంకోచోట ఆరుగురు.

అందుకే నేను రిపోర్టు చూసే ముందు మనిషిని చూస్తాను. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, స్టెంట్ లేదా బైపాస్ అయినవాళ్లు, కాళ్ల రక్తనాళాలు సన్నబడినవాళ్లు ఎల్‌డీఎల్ ఎంతైనా వాడాలి. వీళ్లతో నేను బతిమాలడానికైనా సిద్ధం. ఎల్‌డీఎల్ 190 దాటితే వయసు చిన్నదైనా వాడాలి, అది చాలాసార్లు వంశంలో వచ్చేది. షుగరు ఉండి నలభై దాటినవాళ్లూ దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. వీళ్లు కాక మిగిలినవాళ్లకు వయసు, బీపీ, పొగ, కుటుంబం అన్నీ కలిపి లెక్క వేయాలి. నలభై దాటి ఎటూ తేలనివాళ్లకు గుండె రక్తనాళాల్లో కాల్షియం కొలిచే సీటీ స్కాన్ పనికొస్తుంది. అందులో సున్నా వస్తే, షుగరు, పొగ లాంటివి లేకపోతే, కొన్నేళ్లు ఆగవచ్చు. తమ్ముడి వయసులో ఆ స్కాన్ పెద్దగా ఏమీ చెప్పదు, ఆ వయసులో సున్నా రావడం మామూలే.

తమ్ముడికి ఏం చేశానంటే, మొదట థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అప్పుడు వాడాల్సింది థైరాయిడ్ మాత్ర. వాడికి బాగానే ఉంది. తర్వాత లైపోప్రొటీన్-ఎ. ఇది ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో రకం బండి, పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. 50 దాటితే నా ఆలోచన మారేది. వాడికి 22 వచ్చింది. పొగ లేదు, షుగరు లేదు, బీపీ 124. మాత్ర ఆపమన్నాను. రాత్రి ఆర్డర్ చేసుకునే బిర్యానీ, బేకరీ పఫ్‌లు, వారాంతం బీర్లు ఎన్నో వాడే లెక్కపెట్టుకున్నాడు. నాలుగు నెలల తర్వాత టోటల్ 198, ట్రైగ్లిజరైడ్లు 120, హెచ్‌డీఎల్ 44, ఎల్‌డీఎల్ 130. తిండి మార్చుకుంటే ఎల్‌డీఎల్ చాలామందిలో దాదాపు ఇంతే తగ్గుతుంది. అందుకే చిన్నాయనతో "పథ్యం చేయండి, మాత్ర వద్దు" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

చిన్నాయనకు రోసువాస్టాటిన్ 20 అన్న మోతాదు అంకె మీదే భయం పట్టుకుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది ఆరు శాతం చుట్టూనే, ఎక్కువ పని మొదటి మోతాదే చేస్తుంది. పైగా ఆసియా మూలాలవాళ్ల రక్తంలో రోసువాస్టాటిన్ తెల్లవాళ్లలో కంటే దాదాపు రెట్టింపు చేరుతుంది. అందుకని ఆయన కార్డియాలజిస్టుతో మాట్లాడి రోసువాస్టాటిన్ 10కి దించి, పేగులో కొలెస్ట్రాల్‌ను అడ్డుకునే ఎజిటిమైబ్ 10 కలిపాం. రెండూ కలిసిన ఒకే మాత్ర దొరుకుతుంది. ఎనిమిది వారాల తర్వాత ఎల్‌డీఎల్ 54. ఆయనలాంటివాళ్లకు 55 లోపు ఉండాలి. కాలికి మందు కంటే నడకే ముఖ్యం: పిక్క పట్టేదాకా నడవాలి, ఆగాలి, మళ్లీ నడవాలి. కుందలహళ్లి చెరువు చుట్టూ ఇప్పుడు రోజూ ముప్పావుగంట తిరుగుతున్నారు. మొదట్లో అయిదుసార్లు ఆగేవారు, ఇప్పుడు రెండుసార్లు.

మొన్న రెండు కొత్త రిపోర్టులు మళ్లీ అదే టేబుల్ మీద పెట్టి తమ్ముడు అడిగాడు.

"అక్కా, నాన్నకు 54, నాకు 130. ఎక్కువున్నది నాకు. మాత్ర ఆయనకా?"

"ఆయన 54 మాత్ర తెచ్చిన 54. దాన్ని తీసేస్తే జూన్‌లో చూశావు కదా, 119. నీ 130 నీదే. ఏటా చూద్దాం. నలభైలోకి వచ్చాక, బీపీ పెరిగినా షుగరు వచ్చినా, ఇదే అంకెకు నేనే మాత్ర రాస్తాను."

చిన్నాయన ఆ మాట విని లోపలికి వెళ్లి మాత్రల డబ్బా తెచ్చి నా ముందు తెరిచారు. ఆదివారం గది అప్పటికే ఖాళీగా ఉంది.